పేరోల్ యూఏటీ సైన్-ఆఫ్: సంతకం పెట్టే ముందు వచ్చే ప్రశ్నలు, జవాబులు

కొత్త పేరోల్ సాఫ్ట్‌వేర్‌ను వాడబోయేవాళ్లే పరీక్షించి "ఇక దీంతో జీతాలు వేయొచ్చు" అని సంతకం చేసే కాగితమే యూఏటీ సైన్-ఆఫ్. హెచ్ఆర్, అకౌంట్స్ వాళ్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. అన్నిటికీ ఒకటే ఉదాహరణ తీసుకున్నాను. పాశమైలారంలో ఫ్యాక్టరీ, నాయుడుపేటలో రెండో యూనిట్, బెంగళూరులో చిన్న సేల్స్ ఆఫీసు ఉన్న కంపెనీ అనుకోండి. ఉద్యోగులు 640 మంది. ఇన్నాళ్లూ జీతాలు పాత సాఫ్ట్‌వేర్‌లో కొంత, ఎక్సెల్‌లో కొంత నడిచాయి. సెప్టెంబర్ జీతాలు కొత్త సిస్టమ్‌లో వేయాలి. కంపెనీ, మనుషుల సంఖ్యలు ఉదాహరణ కోసం అనుకున్నవి. పీఎఫ్, ఈఎస్ఐ, ప్రొఫెషనల్ టాక్స్ రేట్లు మాత్రం ఇది రాసే నాటికి అమల్లో ఉన్నవే.

వెండర్ అన్నీ టెస్ట్ చేసి రిపోర్ట్ ఇచ్చాడు. మళ్లీ మేమెందుకు చేయాలి?

వెండర్ చూసేది సాఫ్ట్‌వేర్ తను చెప్పినట్టు పనిచేస్తోందా అని. మీరు చూడాల్సింది మీ ఉద్యోగికి మీ రూల్స్ ప్రకారం సరైన జీతం పడుతోందా అని. నెల మధ్యలో చేరినవాడికి జీతాన్ని 30 రోజులతో భాగించాలా, ఆ నెలలో ఉన్న రోజులతోనా, 26తోనా అన్నది వెండర్‌కి తెలియదు. అది మీ కంపెనీ పాలసీ. సిస్టమ్‌లో ఈ మూడింట్లో ఏది పెట్టినా వెండర్ టెస్ట్ పాసవుతుంది. జూన్ 17న 26,000 జీతానికి చేరిన మనిషికి 30తో భాగిస్తే 14 రోజులకు 12,133 వస్తుంది. 26తో భాగించి, ఆదివారాలు పోను పని రోజులే లెక్క పెడితే వేరే అంకె వస్తుంది. ఆ రెంటిలో మీది ఏదో మీ ఆఫర్ లెటర్ చెప్పాలి.

సినారియోలు ఎన్ని ఉండాలి?

సంఖ్య అంత ముఖ్యం కాదు. రెండొందల సినారియోలు రాసి, అందులో నూట ఎనభై "నెలంతా పనిచేసిన ఉద్యోగి" మీదే ఉన్న షీట్లు చాలా ఉంటాయి. మామూలు ఉద్యోగి జీతం తప్పడం అరుదు. తప్పేది ఆ నెలలో ఏదో ఒకటి మారిన మనిషికి. చేరాడు, మానేశాడు, బదిలీ అయ్యాడు, ఇంక్రిమెంట్ వెనక తేదీ నుంచి వచ్చింది, ఎల్ఓపీ, అంటే జీతం లేని సెలవు పడింది, పడిన ఎల్ఓపీని తర్వాత రద్దు చేశారు, 58 ఏళ్లు నిండాయి, జీతం ఈఎస్ఐ పరిమితి దాటింది, అప్పు మీద కోత మొదలైంది. ఇలాంటి మార్పులను ముందు ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత రెండేసి కలిపి చూడండి. అసలు తప్పులు ఈ జంటల్లోనే ఉంటాయి.

ఒక జంట తీసుకుందాం. ఒక ఉద్యోగికి నెలకు 1,550 రూపాయల ఇంక్రిమెంట్ ఏప్రిల్ నుంచి వర్తించేలా జూలైలో ఆర్డరు వచ్చింది. జూలై జీతంతో పాటు మూడు నెలల బకాయి ఇవ్వాలి. కానీ అతనికి మేలో రెండు రోజులు ఎల్ఓపీ ఉంది. ఏప్రిల్‌కి 1,550 పూర్తిగా వస్తుంది. మేలో 31 రోజులకు 29 రోజులే జీతం కాబట్టి 1,550 × 29 ÷ 31, అంటే 1,450. జూన్‌కి మళ్లీ 1,550. మొత్తం 4,550 రావాలి. సిస్టమ్ మూడు నెలలకూ పూర్తిగా లెక్కగట్టి 4,650 ఇచ్చింది. ఇంక్రిమెంట్ విడిగా టెస్ట్ చేస్తే పాస్, ఎల్ఓపీ విడిగా చేసినా పాస్. రెండూ ఒకే మనిషి మీద పడ్డప్పుడే తప్పు బయటపడింది.

"ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్" అనే గడిలో ఏం రాయాలి?

అంకె రాయాలి, అదీ టెస్ట్ నడపకముందే. "బకాయి సరిగ్గా లెక్కగట్టాలి" అని రాస్తే సిస్టమ్ ఏమిచ్చినా సరిగ్గానే కనిపిస్తుంది. "4,550 రావాలి. ఏప్రిల్ 1,550, మే 1,450, జూన్ 1,550" అని రాసి ఉంటే 4,650 వచ్చిన క్షణంలోనే తేడా తెలుస్తుంది. సిస్టమ్ ఇచ్చిన అంకెను చూసి తర్వాత ఆ గడి నింపడం చాలాచోట్ల జరుగుతుంది. టైమ్ లేదని అలా చేస్తారు. అది టెస్ట్ కిందికి రాదు. కాలిక్యులేటర్‌తో చేతి లెక్క ఎవరు వేశారో, ఏ రూల్ ప్రకారం వేశారో పక్కన పేరుతో సహా ఉండాలి.

ప్యారలల్ రన్‌లో ఎంత శాతం మ్యాచ్ అయితే సంతకం పెట్టొచ్చు?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. దీనికి శాతంలో జవాబు చెబితే మిమ్మల్ని తప్పుదోవ పట్టించినట్టే.

మన ఉదాహరణలో జూలై జీతాలను పాత పద్ధతిలోనూ కొత్త సిస్టమ్‌లోనూ నడిపారు. 640 మందిలో 571 మందికి నెట్ పే రూపాయితో సహా సరిపోయింది. 52 మందికి రూపాయి లోపు తేడా వచ్చింది. అది పాత ఎక్సెల్‌లో ఒక్కో అలవెన్స్‌ని విడివిడిగా రౌండ్ చేయడం వల్ల, కొత్తదాంట్లో చివర ఒకేసారి రౌండ్ చేయడం వల్ల. మిగిలిన 17 మందికి అసలు తేడాలు. అకౌంట్స్‌లో కుర్రాడు షీటు తెచ్చి "తొంభై ఏడు శాతం టాలీ అయ్యింది సార్, సంతకం పెట్టేయండి" అంటాడు. అతని లెక్క తప్పు కాదు. కానీ చూడాల్సింది ఆ పదిహేడు మందినే.

వాళ్లలో తొమ్మిది మంది పైన చెప్పిన బకాయి, ఎల్ఓపీ జంటలో పడినవాళ్లు. ముగ్గురు ఈఎస్ఐ తప్పులో పడ్డారు. దాని సంగతి కింద చెప్తాను. నలుగురు బెంగళూరు సేల్స్ ఉద్యోగులు. వాళ్ల జీతాలు 22,000 నుంచి 24,000 మధ్య ఉన్నాయి. పాత ఎక్సెల్ వాళ్లకు నెలకు 200 ప్రొఫెషనల్ టాక్స్ కోస్తోంది, తెలంగాణలో 20,000 దాటితే 200 కాబట్టి. కర్ణాటకలో 25,000 లోపు జీతానికి ఆ పన్నే లేదు. కొత్త సిస్టమ్ సున్నా చూపించింది, అదే కరెక్ట్. చివరి ఒక్కడు నెల మధ్యలో పాశమైలారం నుంచి నాయుడుపేటకు బదిలీ అయ్యాడు. సిస్టమ్ అతన్ని రెండు రికార్డులుగా పెట్టుకుని తెలంగాణకు 200, ఆంధ్రకు 200, మొత్తం 400 కోసింది.

అంటే పదిహేడింట్లో పదమూడు కొత్త సిస్టమ్ తప్పులు, నాలుగు పాతదాని తప్పులు. ప్రతి తేడాకీ కారణం దొరికి, ఎవరి తప్పో రాసి, దానికి ఫైనాన్స్ వాళ్ల ఆమోదం పడ్డాకే ప్యారలల్ రన్ పూర్తయినట్టు. కారణం తెలియని తేడా ఒక్కటి మిగిలినా, అది అయిదు రూపాయలే అయినా, ఆ రన్ ఇంకా తెరిచి ఉన్నట్టే లెక్క. అది రేపు ఎంతమందికి, ఎంత మొత్తంలో వస్తుందో చెప్పలేం కాబట్టి.

పాత సిస్టమ్ తప్పని తేలితే ఏం చేయాలి? కొత్తదాన్ని పాతదానికి సరిపోయేలా మార్చాలా?

మార్చకూడదు. "ఉద్యోగులు గొడవ చేస్తారు, ఎప్పటిలాగే రానీ" అని కొత్త సిస్టమ్‌లో కూడా తప్పును దించేస్తారు కొందరు. ఆ నలుగురు బెంగళూరు ఉద్యోగుల నుంచి ఇన్నాళ్లూ అనవసరంగా కోసిన డబ్బు సంగతి విడిగా తేల్చాలి. అది సైన్-ఆఫ్‌కు అడ్డం కానక్కర్లేదు, కానీ డాక్యుమెంట్‌లో ఒక వరుసగా ఉండాలి.

571 మందికి రూపాయితో సహా సరిపోయింది కదా, వాళ్లను వదిలేయొచ్చా?

వదలకూడదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతారంటే ఇది చదవండి.

ఆ 571 మందిలో ఒకరికి జూన్‌లో 58 ఏళ్లు నిండాయి. ఆయన పీఎఫ్ లెక్కకు వచ్చే జీతం 18,000. కంపెనీ పూర్తి జీతం మీదే పీఎఫ్ కడుతుంది. ఆయన వాటా 12 శాతం, 2,160. కంపెనీ వాటా కూడా 2,160. కంపెనీ వాటాలో 15,000 పరిమితి మీద 8.33 శాతం, అంటే 1,250 పెన్షన్ పథకానికి పోతుంది. మిగతా 910 పీఎఫ్ ఖాతాలో పడుతుంది. 58 నిండాక, పెన్షన్ వాయిదా వేసుకుంటానని ఆయన రాసివ్వనంత వరకు, పెన్షన్‌కి ఏమీ పోకూడదు. మొత్తం 2,160 పీఎఫ్‌లోకే వెళ్లాలి.

సిస్టమ్ జూలైలోనూ 1,250 పెన్షన్‌కే పంపింది. కానీ ఆయన చేతికొచ్చే జీతం మారలేదు. ఆయన వాటా అదే 2,160. కంపెనీకి అయ్యే ఖర్చూ మారలేదు. పేస్లిప్ చూస్తే తప్పు కనిపించదు, నెట్ పే షీటు చూసినా కనిపించదు. తేడా ఉన్నది పీఎఫ్ పోర్టల్‌లో ఎక్కించే ఈసీఆర్ ఫైల్లో మాత్రమే. ఆ ఫైల్లో ఒక్కో ఉద్యోగికి ఒక్కో వరుస ఉంటుంది. సిస్టమ్ ఇచ్చింది మొదటి వరుస, రావాల్సింది రెండోది:

```
100000000000#~#MEMBER NAME#~#24000#~#18000#~#15000#~#15000#~#2160#~#1250#~#910#~#0#~#0
100000000000#~#MEMBER NAME#~#24000#~#18000#~#0#~#15000#~#2160#~#0#~#2160#~#0#~#0
```

వరుసగా యూఏఎన్, పేరు, గ్రాస్, పీఎఫ్ జీతం, పెన్షన్ జీతం, ఈడీఎల్ఐ జీతం, ఉద్యోగి వాటా, పెన్షన్ వాటా, కంపెనీ పీఎఫ్ వాటా, జీతం లేని రోజులు, అడ్వాన్స్ వాపసు. అయిదో గడి, ఎనిమిదో గడి సున్నా కావాలి, తొమ్మిదో గడి 2,160 కావాలి. ఇది పట్టుకోకపోతే నెలనెలా ఆయన పీఎఫ్‌లో 1,250 తక్కువ పడుతూ పోతుంది. ఆయన రిటైరై పీఎఫ్‌కి అప్లై చేసినప్పుడు బయటపడుతుంది. అప్పుడు ఆ నెలలన్నిటినీ వెనక్కి సరిచేయించాలంటే ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే. ఆ తిరిగేది రిటైరైన మనిషి.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరినవాళ్లకు అప్పటికే జీతం 15,000 దాటి ఉంటే వాళ్లకు పెన్షన్ పథకం వర్తించదు. చేరేటప్పుడు ఆ టిక్ సరిగ్గా పడిందా లేదా అన్నదీ నెట్ పేలో కనిపించదు.

కాబట్టి ప్యారలల్ రన్‌లో నెట్ పే ఒక్కటే పోల్చకండి. ఈసీఆర్ ఫైలును అదే నెలకు పాత పద్ధతిలో తయారైన ఫైలుతో గడిగడికీ పోల్చండి. ఈఎస్ఐ, ప్రొఫెషనల్ టాక్స్, టీడీఎస్ మొత్తాలను ఒక్కో ఉద్యోగికి విడిగా పోల్చండి. అకౌంట్స్ పుస్తకాల్లోకి పోయే జర్నల్ ఎంట్రీని కూడా కాస్ట్ సెంటర్ వారీగా చూడండి.

ఈఎస్ఐలో ముగ్గురికి తేడా వచ్చిందన్నారు, ఏమిటది?

ఈఎస్ఐకి జీతం పరిమితి 21,000. కానీ జీతం పరిమితి దాటిన నెల నుంచే కోత ఆపకూడదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లు ఉంటాయి. మధ్యలో పరిమితి దాటినా ఆ పీరియడ్ చివరి దాకా కట్టాల్సిందే.

ఆ ముగ్గురిలో ఒకరికి ఈఎస్ఐ లెక్కకు వచ్చే జీతం ఏప్రిల్‌లో 20,600. జూలైలో ప్రమోషన్ వచ్చి 21,800 అయ్యింది. జూలై, ఆగస్టు, సెప్టెంబర్‌లలో 21,800 మీద కట్టాలి. ఉద్యోగి వాటా 0.75 శాతం, 163.50 వస్తుంది, పై రూపాయికి రౌండ్ చేస్తే 164. కంపెనీ వాటా 3.25 శాతం, 708.50, అది 709. అక్టోబర్ నుంచి ఆగిపోతుంది. సిస్టమ్ జూలైలోనే ఆపేసింది. ఉద్యోగి చేతికి 164 ఎక్కువ వచ్చింది కాబట్టి అతను అడగడు. ఆ నెల జీతంలో కొయ్యని ఉద్యోగి వాటాను తర్వాతి నెలల్లో కోయడం కుదరదు. రెండు వాటాలూ కంపెనీయే కట్టుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మీ టెస్ట్ ఏప్రిల్‌లోనో అక్టోబర్‌లోనో నడిపితే ఈ తప్పు అసలు బయటపడదు. తేదీలు ముందుకూ వెనక్కీ జరిపి కనీసం పీరియడ్ మధ్యలో ఒక నెల, పీరియడ్ మారే నెల, రెండూ నడపాలి.

డిఫెక్ట్‌కి తీవ్రత ఎలా నిర్ణయించాలి? వంద రూపాయల తేడా "లో" కాదా?

మొత్తం చూసి తీవ్రత పెట్టకండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఒక్కరికేనా, ఇలాంటి స్థితిలో ఉన్న ప్రతివారికీ వస్తుందా? వస్తే మనకు తెలుస్తుందా, తెలియకుండా జరిగిపోతుందా? జరిగాక వెనక్కి సరిచేయగలమా? ఆ వంద రూపాయల బకాయి తప్పు, ఇంక్రిమెంట్లు వచ్చే ప్రతి సంవత్సరం, ఎల్ఓపీ ఉన్న ప్రతివారికీ వస్తుంది. చెప్తే తప్ప తెలియదు. అది తీవ్రమైనదే. పేస్లిప్‌లో సెలవుల బ్యాలెన్స్ ఒక నెల వెనకది ప్రింట్ అవుతోంది అన్నది 640 మందికీ కనిపిస్తుంది, చూడ్డానికి బాగోదు, ఫోన్లు వస్తాయి. కానీ డబ్బు తప్పలేదు. అది చిన్నదే.

తీవ్రత నిర్ణయించేది వ్యాపారం వైపు మనుషులు. సరిచేయడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పేది వెండర్. ఈ రెండూ కలిసిపోతే, "టైమ్ పడుతుంది కాబట్టి మీడియం చేద్దాం" అనే మాట మొదలవుతుంది.

దీనికి అందరూ తెలుసుకోవాల్సిన ఉదాహరణ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఆరోగ్యశాఖ పేరోల్. దాదాపు 80 వేల మంది సిబ్బందికి 2010 మార్చి 14న కొత్త సిస్టమ్ మొదలుపెట్టారు. నర్సులకు, డాక్టర్లకు జీతాలు తక్కువ పడ్డాయి, ఎక్కువ పడ్డాయి, కొందరికి అసలు పడలేదు. 2013లో మాజీ న్యాయమూర్తి రిచర్డ్ చెస్టర్‌మన్ విచారణ నివేదిక వచ్చింది. యూఏటీ దాటాలంటే మొదటి రెండు స్థాయుల డిఫెక్టులు ఒక్కటీ ఉండకూడదన్న షరతుతో వాళ్లు మొదలుపెట్టారు. తర్వాత, రెండో స్థాయివి ఉన్నా వాటిని ఎలా నెట్టుకొస్తామో ప్లాన్ ఉంటే చాలని షరతు సడలించారు. కొన్నింటి స్థాయి కూడా తగ్గించారు. పాత, కొత్త జీతాలను అందరికీ పూర్తిగా పోల్చి చూసిందీ లేదు. ఆ వ్యవహారం మొత్తం ఖర్చు సుమారు 120 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లని అంచనా వేశారు.

అందుకని ఎగ్జిట్ షరతులు టెస్టింగ్ మొదలయ్యే ముందే రాసి, సంతకాలు చేసి పెట్టండి. డిఫెక్ట్ తీవ్రత మారిస్తే పాతది ఏమిటి, కొత్తది ఏమిటి, ఎవరు మార్చారు, ఎందుకు అన్నది లాగ్‌లో చెరపకుండా ఉండాలి. సైన్-ఆఫ్ కాగితంలో "తీవ్రత తగ్గించినవి" అని విడిగా ఒక పట్టిక పెట్టమని నా సలహా. అందులో మూడు నాలుగు వరుసలు కనిపించాయంటే సంతకం చేసేవాళ్లే ఆగి అడుగుతారు.

షరతులతో ఆమోదం ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. నిజానికి చాలా సైన్-ఆఫ్‌లు అలాగే జరుగుతాయి. కానీ షరతు రాసే తీరులోనే అంతా ఉంది. "మిగిలిన డిఫెక్టులు త్వరలో సరిచేయబడును" అన్నది షరతు కాదు. దాన్ని ఎవరూ నెరవేర్చక్కర్లేదు, నెరవేరిందో లేదో చూపించక్కర్లేదు.

మన ఉదాహరణలో ఆరు డిఫెక్టులు మిగిలాయి. 58 ఏళ్ల పెన్షన్, ఈఎస్ఐ పీరియడ్, బకాయి ఎల్ఓపీ, ఈ మూడూ సరిచేసి మళ్లీ టెస్ట్ అయ్యేదాకా సంతకమే లేదు. ఇవి జీతం తెలియకుండా తప్పే రకం. బదిలీలో రెండుసార్లు కోసే ప్రొఫెషనల్ టాక్స్‌కు షరతు పెట్టొచ్చు. అది నెలకు ఒకరిద్దరికే జరుగుతుంది, ఎవరెవరు బదిలీ అయ్యారో ముందే లిస్టు ఉంటుంది. షరతు ఇలా ఉండాలి:

"డిఫెక్ట్ 4: నెల మధ్యలో రాష్ట్రం మారిన ఉద్యోగికి ప్రొఫెషనల్ టాక్స్ రెండుసార్లు కోత. శాశ్వత మార్పు వెండర్ అక్టోబర్ జీతాలు లాక్ చేసేలోపు ఇవ్వాలి, సినారియో 23, 24 మళ్లీ పాస్ కావాలి. అప్పటిదాకా ప్రతి నెలా జీతం లాక్ చేసే ముందు హెచ్ఆర్ బదిలీల లిస్టు ఇస్తుంది, పేరోల్ ఎగ్జిక్యూటివ్ నెలాఖరుకు ఉద్యోగి ఏ యూనిట్‌లో ఉంటే ఆ రాష్ట్రపు కోత మాత్రమే ఉంచి రెండోది చేత్తో తీసేస్తారు, ఫైనాన్స్ మేనేజర్ చూసి సంతకం చేస్తారు. గడువు దాటితే ఆ మైల్‌స్టోన్ చెల్లింపు ఆగుతుంది."

ఏమిటి, ఎవరు, ఎప్పటిలోపు, అప్పటిదాకా ఎలా, కాకపోతే ఏమిటి, అయినట్టు రుజువేమిటి. ఇవన్నీ ఉన్నాయి. గడువును క్యాలెండర్ తేదీకి కాకుండా జీతాలు లాక్ చేసే ఘట్టానికి కట్టడం గమనించండి. తేదీ జరిగినా జీతం రోజు జరగదు కాబట్టి.

అయిదోది పేస్లిప్‌లో సెలవుల బ్యాలెన్స్. అలాగే ఒప్పుకుని తర్వాతి రిలీజ్‌కి వదిలేయొచ్చు. ఆరోది కర్ణాటకది. అక్కడ ప్రొఫెషనల్ టాక్స్ నెలకు 200, ఫిబ్రవరిలో మాత్రం 300. 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన మార్పు ఇది. సిస్టమ్‌లో ఫిబ్రవరి రూల్ పెట్టలేదు. సెప్టెంబర్‌లో మొదలుపెట్టే కంపెనీకి అది ఫిబ్రవరి దాకా తగలదు. కాబట్టి "జనవరి జీతాల్లోపు, ఫిబ్రవరి తేదీతో టెస్ట్ నడిపి చూపించాలి" అని షరతు పెడితే చాలు.

షరతులు ఎన్ని దాకా ఫర్వాలేదు అంటే, వాటి చేతిపనులన్నీ ఒకే మనిషి నెలాఖరు రెండు రోజుల్లో చేయగలగాలి. నాలుగైదు దాటితే ఆ మనిషి ఏదో ఒకటి మర్చిపోతాడు.

టెస్టింగ్‌లో చూడలేనివి ఉంటాయి కదా, వాటినెలా రాయాలి?

"పరిధి బయట" అని విడిగా, మొహమాటం లేకుండా రాయండి. సంవత్సరం మధ్యలో సిస్టమ్ మారుతున్నారు కాబట్టి ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఇచ్చిన జీతం, కోసిన టీడీఎస్ కొత్తదాంట్లోకి ఎక్కించారా అన్నది మాత్రం పరిధి లోపలే ఉండాలి. అది లేకపోతే సిస్టమ్ మిగిలిన ఏడు నెలల జీతాన్నే సంవత్సరం ఆదాయం అనుకుని పన్ను తక్కువ కోస్తుంది, మార్చిలో మొత్తం ఒకేసారి మీద పడుతుంది. ఎక్కించిన మొత్తం పాత రిజిస్టర్ మొత్తంతో రూపాయితో సహా కలవాలి. సంవత్సరాంతపు టీడీఎస్ సర్టిఫికెట్, బోనస్ లెక్క వంటివి ఇంకా చూడలేదు అనుకుంటే అలాగే రాసి, ఏ నెలలో చూస్తారో కూడా రాయండి.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో వేతనం నిర్వచనం మారింది. మినహాయింపు ఉన్న అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. మీ జీత నిర్మాణంలో బేసిక్ తక్కువ ఉంటే దీనికి విడిగా ఒక సినారియో ఉండాల్సిందే. ఏ కాంపోనెంట్ ఎందులోకి వస్తుందో మీ కంప్లయన్స్ సలహాదారు రాతపూర్వకంగా ఇవ్వాలి. టెస్ట్ చేసేవాళ్లు ఊహించకూడదు.

బ్యాంకు ఫైల్ కూడా యూఏటీలో భాగమేనా?

తప్పకుండా. జీతం లెక్క సరిగ్గా ఉండి ఫైల్లో పోతే లాభం లేదు. ఎక్కువగా కనిపించే తప్పు, ఖాతా నంబరు ముందున్న సున్నాలు పోవడం. ఎవరో ఆ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే అంతే. ఐఎఫ్ఎస్‌సీలో 11 అక్షరాలుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నా. అక్కడ ఇంగ్లిష్ అక్షరం ఓ పడితే బ్యాంకు తిప్పి పంపుతుంది. ఫైల్లోని వరుసల సంఖ్య, మొత్తం, జీతాల రిజిస్టర్ మొత్తంతో కలవాలి. ఫైలును బ్యాంకు టెస్ట్ అప్‌లోడ్‌లో ఒప్పుకుందన్న రుజువు జతచేయండి.

ఇంకో జాగ్రత్త. టెస్ట్ సిస్టమ్‌లో మెయిళ్లు, మెసేజ్‌లు ఆపేసి ఉన్నాయో లేదో మొదటి రోజే చూడండి. ఆపకపోతే టెస్ట్ పేస్లిప్‌లు నిజం ఉద్యోగుల ఫోన్లకు పోతాయి. పాన్, ఆధార్, ఖాతా నంబర్లు టెస్ట్ డేటాలో మార్చి పెట్టాలి. బ్యాంకు ఫైల్ టెస్ట్‌కి మాత్రం నంబరు పొడవు, ముందు సున్నాలు అలాగే ఉండేలా మార్చాలి.

ఎవరెవరు సంతకం చేయాలి?

పేరోల్ నడిపే మనిషి, హెచ్ఆర్ హెడ్, ఫైనాన్స్ హెడ్, చట్టపరమైన చెల్లింపులు చూసేవాళ్లు. ఒక్కొక్కరూ దేనికి సంతకం చేస్తున్నారో పక్కన రాయాలి. ఫైనాన్స్ హెడ్ జర్నల్, బ్యాంకు ఫైలుకు, కంప్లయన్స్ మనిషి ఈసీఆర్, ఈఎస్ఐ ఫైళ్లకు. ఐటీ వాళ్లు బ్యాకప్, యాక్సెస్ వంటి వాటికి సంతకం చేయొచ్చు, జీతాలకు కాదు. వెండర్ సంతకం షరతుల కింద ఉండాలి, వాటిని ఒప్పుకున్నట్టుగా.

మెయిల్‌లో "ఓకే" అంటే సైన్-ఆఫ్ అయినట్టేనా? సంతకం ఆలస్యం చేస్తే?

మీ ఒప్పందం తెరిచి "అంగీకారం" అన్న క్లాజ్ చదవండి. ఇన్ని రోజుల్లో రాతపూర్వకంగా తిరస్కరించకపోతే అంగీకరించినట్టే అన్న లైను చాలా ఒప్పందాల్లో ఉంటుంది. అలా ఉంటే మీరు చేసే ఆలస్యమే ఆమోదం అవుతుంది, అదీ షరతులు లేకుండా. ఇంకా తేలకపోతే మౌనంగా ఉండకుండా, మిగిలిన డిఫెక్టుల నంబర్లతో "ఇప్పటికి ఆమోదించడం లేదు" అని గడువులోపు మెయిల్ పెట్టండి. ఫోన్లోనో మెయిల్లోనో మాటవరసకు అన్న "బాగానే ఉంది, ఓకే" ని రేపు ఆమోదంగా చూపించకుండా, సైన్-ఆఫ్ ఫలానా ఫార్మాట్‌లో, ఫలానా సంతకాలతోనే చెల్లుతుందని ముందే రాసుకోండి.

సంతకం అయ్యాక వెండర్ చిన్న మార్పు చేస్తే?

అందుకే సైన్-ఆఫ్ మీద సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు, సెట్టింగ్స్ ఎక్స్‌పోర్ట్ చేసిన తేదీ ఉండాలి. మీరు సంతకం చేసింది ఆ వెర్షన్‌కి, ఆ సెట్టింగ్స్‌కి మాత్రమే. బకాయి లెక్క సరిచేయడానికి ఫార్ములా ముట్టుకుంటే, ఆ ఒక్క సినారియో కాదు, జూలై ప్యారలల్ రన్ మొత్తం మళ్లీ నడపాలి. 640 మందిలో ఎవరి అంకెలు మారాయో చూడాలి. ఆ తొమ్మిది మందివి మారాలి, మిగతా 631 మందివి కదలకూడదు. పదో మనిషి అంకె కదిలితే, అది కొత్త డిఫెక్ట్. దానికి కొత్త నంబరు ఇవ్వండి, పాతదాన్ని మళ్లీ తెరిచి అందులో కలపకండి.

లైవ్ అయ్యాక మొదటి నెలలో తప్పు దొరికితే సైన్-ఆఫ్ రద్దవుతుందా?

రద్దు కాదు, అది వారంటీ కిందికి వస్తుంది. వారంటీ ఎన్నాళ్లన్నది రోజుల్లో కాకుండా జీతాల సైకిళ్లలో అడగండి. మన కంపెనీకి సెప్టెంబర్ నుంచి మూడు సైకిళ్లు చాలవు. ఈఎస్ఐ పీరియడ్ అక్టోబర్‌లో మారుతుంది, కర్ణాటక రూల్ ఫిబ్రవరిలో తగులుతుంది, టీడీఎస్ మార్చిలో ముగుస్తుంది. మార్చి జీతాలు పడి, ఏప్రిల్‌లో ఆ నెల ఈసీఆర్, ఈఎస్ఐ చెల్లింపులు పూర్తయ్యేదాకా వారంటీ ఉండాలని సంతకానికి ముందే బేరం పెట్టుకోండి. మొదటి రెండు నెలలు పాత ఎక్సెల్‌ను కూడా పక్కన నడపండి. జీతాలు వేయడానికి కాదు, పోల్చడానికి.